మొదటి హాఫ్ మారథాన్ పూర్తి చేసే మిత్రుడికి హడావుడి లేకుండా ఏం చేద్దాం?

నాగావళి_గట్టు
మా స్నేహితుడు వచ్చే ఆదివారం వైజాగ్ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరిగెడుతున్నాడు. నలభై దాటిన మనిషి, బ్యాంకు ఉద్యోగం, రేసు అనేది ఇదే మొదటిసారి. కిందటేడు శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాతో నడక మొదలుపెట్టినప్పుడు రెండు రౌండ్లకే ఆయాసపడేవాడు. అలాంటివాడు రోజూ తెల్లవారకముందే లేచి ఇంతవరకు వచ్చాడు.

చిక్కేమిటంటే, అతను పెళ్ళిళ్ళలో స్టేజీ ఎక్కి ఫొటో దిగడానికే సిగ్గుపడతాడు. మా గ్రూపువాళ్ళేమో ఏడు రోడ్ల జంక్షన్‌లో ఫ్లెక్సీ, ఇంటి ముందు డప్పులు, శాలువా, కేకు అని ప్లాన్లు వేస్తున్నారు. వాళ్ళావిడ నాకు విడిగా ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇవన్నీ చేస్తే ఆయన మళ్ళీ పరుగు మాటెత్తరు" అంది. అలాగని ఏమీ చేయకుండా ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

రాజాం_రాజు
ఫ్లెక్సీ వేయండి. మన ఊళ్ళలో పుట్టినరోజుకీ వేస్తారు, పదవి వచ్చినా వేస్తారు. కష్టపడి 21 కిలోమీటర్లు పరిగెత్తినవాడికి వేస్తే తప్పేటి? సిగ్గు రెండు రోజుల్లో పోతుంది.

పలాస_జీడిపప్పు
ఫ్లెక్సీ వేస్తే పైన మూలల్లో ఎవరి ఫొటోలు పెట్టాలన్న పంచాయితీ తేలేసరికి వచ్చే ఏడాది రేసు కూడా అయిపోతుంది 😄

పీఈటీ_విజయనగరం
ముప్పై ఏళ్ళు పిల్లల్ని పరిగెత్తించిన అనుభవంతో చెబుతున్నాను. జంక్షన్‌లో ఏం చేయాలన్నది తర్వాత సంగతి. ముందు ఆదివారం పొద్దున మీరు వైజాగ్‌లో ఉంటారా లేదా? ఉండగలిగితే అంతకు మించిన వేడుక లేదు.

అందరూ ఫినిష్ దగ్గర నిలబడతారు. మీరు మాత్రం అక్కడికి రెండుమూడు కిలోమీటర్ల ముందు, అంటే 18, 19 మధ్యలో నిలబడండి. మొదటిసారి పరిగెత్తేవాడికి అసలు పరీక్ష అక్కడే. తొడలు బిగుసుకుపోతాయి, చుట్టూ కొందరు నడక మొదలుపెడతారు, నేనూ ఆగిపోతే ఏమైందిలే అనిపిస్తుంది. ఫినిష్ గేటు కనపడిందంటే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి, అక్కడ మన కేకలతో పెద్దగా పనిలేదు. 18 దగ్గర తెలిసిన గొంతు పేరు పెట్టి పిలిస్తే మాత్రం బాగా పనిచేస్తుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. "ఇంకొంచెమే, అయిపోయింది" అని అబద్ధం చెప్పకండి. మూడు కిలోమీటర్లు మిగిలి ఉండగా అయిపోయిందంటే, మలుపు తిరిగాక గేటు కనపడక మనిషి డీలా పడిపోతాడు. మిగిలింది ఎంతో అంతే చెప్పండి. పక్కన పరిగెత్తడం, ఆపి సెల్ఫీ అడగడం కూడా వద్దు. అక్కడ ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం చాలా కష్టం.

బొబ్బిలి_వీణ
నాది పరుగు కాదు, బరువు. కానీ హడావుడి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను.

పధ్నాలుగు కిలోలు తగ్గాను, ఏడాదికి పైగా పట్టింది. ఆఫీసులో ఒకరోజు అందరి ముందు కేకు కోయించారు. తగ్గినందుకు కేకు! అంతకన్నా బాధ ఏమిటంటే, మేనేజరు మైకు పట్టుకుని "ముందు ఎలా ఉండేవారో గుర్తుందా" అంటూ నా పాత ఫొటో స్క్రీన్ మీద వేశారు. అందరూ నవ్వారు. మెచ్చుకోవడానికే చేశారని తెలుసు, అయినా ఆ ఫొటోలో ఉన్నదీ నేనే కదా. చుట్టాలైతే ఇంకోరకం. "చిక్కిపోయావేటమ్మా, సుగరా? థైరాయిడా?" అని ఒకటే ఆరా.

ఒక్క స్నేహితురాలు మాత్రం వేరేగా చేసింది. నా జాకెట్లన్నీ వదులైపోయాయని గమనించి, ఒక ఆదివారం వచ్చి సంచిలో వేసుకుని టైలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అన్నీ బిగింపించి, ఇస్త్రీ చేయించి తెచ్చిచ్చింది. ఎన్ని కిలోలని అడగలేదు. నాకు అందిన అభినందనల్లో నేను దాచుకున్నది అదొక్కటే.

నెల్లిమర్ల_నాయుడు
వీణగారూ, 14 కిలోలు ఏ డైట్‌తో తగ్గారు? రాత్రిపూట అన్నం మానేశారా? మా ఇంట్లో చోడి అంబలి మొదలుపెట్టాం గానీ కాటా కదలడం లేదు.

పలాస_జీడిపప్పు
నాయుడుగారూ, ఆవిడ ఇప్పుడే కదండీ చెప్పింది, కిలోలు అడగని స్నేహితురాలే నచ్చిందని 😄

బొబ్బిలి_వీణ
పరవాలేదు, వేరే చర్చ పెట్టండి, చెబుతాను. ఇక్కడ వద్దు.

కళింగపట్నం_కెరటం
రేసు అవగానే మూడు లీటర్ల నీళ్ళు తాగించండి, వెంటనే కాళ్ళకు గట్టిగా ఆయిల్ మసాజ్ చేయించండి. పరిగెత్తినప్పుడు లాక్టిక్ ఆసిడ్ పేరుకుంటుంది, అది పోకపోతే మర్నాడు లేవలేడు. అదయ్యాక దారిలో అందరూ కలిసి బిరియానీ. నేను 10కె చేసినప్పుడు మావాళ్ళు అలాగే చేశారు.

పీఈటీ_విజయనగరం
కెరటం చెప్పినదాంట్లో నీళ్ళు, తిండి ఇవ్వాలన్నది సరే. మిగతాది కొంచెం మార్చాలి.

లాక్టిక్ ఆసిడ్ గంటా గంటన్నరలో దానంతటదే తగ్గిపోతుంది. మర్నాటి నొప్పి దానివల్ల కాదు. అలవాటు లేనంత దూరం పరిగెత్తినప్పుడు కండరాల పోగులు సన్నగా దెబ్బతింటాయి, ఆ వాపు నొప్పి. అందుకే అది ఆదివారం సాయంత్రం అంతగా తెలియదు. సోమ, మంగళవారాల్లో బాగా ఉంటుంది. ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు తొడల ముందువైపు పట్టేస్తుంది. అదే రోజు గట్టిగా పిసికితే దెబ్బతిన్న కండరాన్ని ఇంకా నలిపినట్టే. మెల్లగా రాయడం వరకు చాలు.

మూడు లీటర్లు ఒక్కసారి తాగించడం మాత్రం అసలు వద్దు. రెండున్నర గంటలకు పైగా పరిగెత్తేవాళ్ళు దారిలో ప్రతి స్టాల్ దగ్గరా తాగుతూనే వస్తారు. చెమటలో ఉప్పు పోయి ఉంటుంది, దాని మీద వట్టి నీళ్ళు అదేపనిగా పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తరచుగా జరగదు గానీ జరిగితే ప్రమాదం. తలనొప్పి, వాంతి, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తికమకగా రావడం కనిపిస్తే ఇంకా నీళ్ళు పట్టకుండా సరాసరి మెడికల్ టెంటుకు తీసుకెళ్ళాలి. మామూలుగా అయితే దాహం వేసినంతే, గుక్క గుక్కగా. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో మొత్తం కలిపి ఉంచుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ ఉన్నా సరే.

గేటు దాటగానే మీద పడి కౌగలించుకుని కుర్చీలో కూలేయకండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి కళ్ళు తిరుగుతాయి. పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించండి. నిజంగానే పడిపోయేలా ఉంటే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. పొడి టీషర్టు, తువ్వాలు, వదులు చెప్పులు మీ సంచిలో ఉండాలి. అరటిపండు వెంటనే, ఓ గంటలోపు ఇడ్లీ. బిరియానీ ఆకలి తిరిగొచ్చాక అతనే అడుగుతాడు.

కళింగపట్నం_కెరటం
మరి నాకు మసాజ్ చేయించుకుంటే హాయిగానే ఉండేది కదా మాస్టారూ?

పీఈటీ_విజయనగరం
హాయిగా ఉంటే మెల్లగా చేశారన్నమాట. కాదనను.

ఉద్దానం_పిల్ల
ఒక మాట నేను చెప్పాలి. నాది కవిటి వైపు. మా దగ్గర కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు, దానికి కారణమేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అందుకే నాకు ఈ భయం ఎక్కువ. రేసు రోజు ఎవరో ఒకరు "నొప్పుల మాత్ర వేసేసుకో" అంటారు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. రేసుకు ముందూ వద్దు, పరుగులోనూ వద్దు, అయ్యాక మూత్రం మామూలుగా వచ్చేదాకా కూడా వద్దు. మీ స్నేహితుడికి బీపీ, సుగర్ ఉంటే అసలే వద్దు.

మర్నాడు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందంటే మాత్రం పరుగు బడలికే కదా అని ఊరుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నాగావళి_గట్టు
నోట్ చేసుకున్నాను అక్కా. బీపీ ఉంది అతనికి, మాత్ర వేసుకుంటాడు. రేసుకు ముందు డాక్టరు చూసి సరేనన్నారు. నొప్పుల మాత్రల సంగతి వాళ్ళావిడకి చెబుతాను.

మాస్టారు చెప్పినట్టు శనివారం సాయంత్రమే వైజాగ్ వెళ్తున్నాను. టీషర్టుకు పిన్నుతో పెట్టుకునే నంబరు బిబ్ ముందే తెచ్చుకోవాలట, అతను శుక్రవారమే వెళ్ళాడు. నేను వస్తున్నట్టు చెప్పాలా, చెప్పకుండా వెళ్ళి నిలబడాలా?

రాజాం_రాజు
చెప్పకు. సర్‌ప్రైజ్ ఉండాలి.

పీఈటీ_విజయనగరం
చెప్పండి. ఎటువైపు నిలబడతారో కూడా చెప్పండి, సముద్రం వైపా, కొండవైపా అని. మనవాడు అక్కడ ఉంటాడని తెలిస్తే 15 దాటాక ఆ చోటు కోసమే పరిగెడతాడు. అయ్యాక కలిసే చోటు కూడా ముందే అనుకోండి. ఆ రద్దీలో ఫోన్ కలుస్తుందని గ్యారంటీ లేదు, అతని చేతిలో ఫోన్ ఉంటుందన్న గ్యారంటీ అసలే లేదు.

బొబ్బిలి_వీణ
సిగ్గరి మనిషికి సర్‌ప్రైజ్ అంటేనే టెన్షన్. చెప్పే వెళ్ళండి.

నాగావళి_గట్టు
పూర్తి చేశాడు!! 2 గంటల 41 నిమిషాల 18 సెకన్లు.

18 దాటాక కనపడ్డాడు. నడుస్తున్నాడు. పేరు పెట్టి గట్టిగా పిలిచి "ఇంకా రెండున్నర ఉంది" అన్నాను. నావైపు చూసి తలూపాడు, అంతే, మళ్ళీ పరుగు అందుకున్నాడు. అక్కడి నుంచి నాకు పరిగెత్తే ఓపిక లేదు, ఆటో పట్టుకుని ఫినిష్ వైపు వెళ్ళేసరికి మెడల్ మెడలో వేసుకుని మేం అనుకున్న చెట్టు కింద అటూ ఇటూ నడుస్తున్నాడు. మజ్జిగ ఇచ్చాను, తువ్వాలు ఇచ్చాను. అరగంట వరకు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత అతనే "12 దగ్గర ఆ ఎత్తు ఉంది చూడు" అని మొదలుపెట్టి, కారులో శ్రీకాకుళం దాకా ఒక్కో కిలోమీటరూ చెప్పుకొచ్చాడు. అంతసేపు అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఉద్దానం_పిల్ల
చదువుతుంటేనే ఆనందంగా ఉంది. మంచినీళ్ళు, మూత్రం సంగతి?

నాగావళి_గట్టు
అంతా మామూలే అక్కా. ఈరోజు మంగళవారం, మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాడట.

ఇప్పుడు ఇంకో రెండు పనులున్నాయి. ఫ్లెక్సీ ఆపించాను. దానికి బదులు గురువారం మా ఇంట్లో ఆరుగురం భోజనం, గారెలు, నాటుకోడి. దాంతోపాటు బిబ్, మెడల్ కలిపి ఫ్రేము కట్టించి ఇద్దామని ఉంది. అయితే సర్టిఫికెట్లో రెండు టైములున్నాయి. ఒకటి 2:45:05, ఇంకొకటి 2:41:18. మావాడొకడు పెద్దదే అసలుది అంటున్నాడు. ఫ్రేములో ఏది రాయించాలి?

కళింగపట్నం_కెరటం
2:45 గన్ టైము. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్క. రికార్డుల్లో అదే కదా చూస్తారు.

పీఈటీ_విజయనగరం
ముందువరుసలో నిలబడి ప్రైజుల కోసం పరిగెత్తేవాళ్ళకు అది లెక్క. మన మిత్రుడు వెనక గుంపులో ఉన్నాడు. పరుగు మొదలయ్యాక స్టార్టు గీత దాకా నడుచుకుంటూ రావడానికే అతనికి 3 నిమిషాల 47 సెకన్లు పట్టింది. ఆ తేడాయే అది. బిబ్ వెనక చిప్ ఉంటుంది, గీత దాటినప్పుడు మొదలై గేటు దాటినప్పుడు ఆగుతుంది. అతను పరిగెత్తింది 2:41:18. కిలోమీటరుకు 7 నిమిషాల 39 సెకన్ల లెక్కన వస్తుంది. బీచ్ రోడ్డు ఎత్తుపల్లాల్లో మొదటిసారికి నిలకడైన పరుగు. అదే రాయించండి.

కింద "మారథాన్" అని మాత్రం రాయించకండి. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. పెద్దది చేసి రాస్తే చూసినవాళ్ళందరికీ అతనే "కాదండీ, సగమే" అని చెప్పుకోవాల్సి వస్తుంది. సిగ్గరికి అదొక శిక్ష. "హాఫ్ మారథాన్, 21.1 కి.మీ." చాలు.

గంటస్తంభం_గిరి
మాది ఫ్రేముల షాపే, విజయనగరంలో. మెడల్ పెడుతున్నారు కాబట్టి మామూలు ఫొటో ఫ్రేము పనికిరాదు, అద్దం మెడల్‌కి ఆనుకుని పగులుతుంది. లోపల అంగుళం పైన లోతు ఉండేలా డబ్బా ఫ్రేము చెప్పండి. బిబ్‌ని లామినేషన్ చేయించకండి. అది కాగితంలా కనిపిస్తుంది గానీ చాలా రేసుల్లో ఇచ్చేది చిరగని ప్లాస్టిక్ రకం, వేడికి ముడుచుకుపోతుంది. ఇస్త్రీ కూడా వద్దు. చెమట మరకలుంటే తడిగుడ్డతో అద్ది నీడలో ఆరబెట్టండి. పిన్ను రంధ్రాలు, నలిగిన గీతలు అలాగే ఉండనివ్వండి, బాగుంటాయి. వెనక చిప్ పీకొద్దు, అంకె పక్కన చిరిగిపోతుంది.

మెడల్ రిబ్బన్ మడిచి వెనక నుంచి దారంతో కుట్టించుకోండి. జిగురుతో అంటిస్తే మన ఉక్కపోతకి ఎండాకాలంలో జారిపోతుంది.

రాజాం_రాజు
నేనింకా ఒప్పుకోవడం లేదు. ఫ్రేము ఇంట్లో గోడకి ఉంటుంది, వాళ్ళింటికి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది. కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కంచు తెచ్చిందని మనకు తెలుసు కాబట్టే కదా మన పిల్లలు కొందరు బరువులెత్తే వైపు చూశారు. పక్కింటి బ్యాంకాయన కూడా చేయగలిగాడని నలుగురికి తెలిస్తే నలుగురు నడక మొదలుపెడతారు. దాచేస్తే ఎలా?

బొబ్బిలి_వీణ
ఆవిడ దేశం తరఫున ఎత్తింది రాజుగారూ. ఈయన తనకోసం పరిగెత్తాడు. నలుగురికీ చెప్పాలో లేదో ఆయనే తేల్చుకోవాలి.

ఉద్దానం_పిల్ల
రాజుగారి మాటలో కొంత న్యాయముంది. మా వైపు నలభై దాటిన మగవాళ్ళు నడవడం కూడా మానేశారు. ఒక్కరిని చూస్తే ఇంకొకరు లేస్తారు. కానీ ఆయన్ని అడక్కుండా మాత్రం వద్దు.

నాగావళి_గట్టు
అడిగాను రాజన్నా, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు వాకర్స్ గ్రూపులో పెట్టనా అని. ఆలోచించి చెబుతానన్నాడు. వద్దనలేదు, అది అతనికి చాలా ఎక్కువ.

నెల్లిమర్ల_నాయుడు
గురువారం భోజనంలో "మరి ఫుల్ మారథాన్ ఎప్పుడు?" అని అడగండి, ఊపు వస్తుంది.

పీఈటీ_విజయనగరం
దయచేసి అడగొద్దు నాయుడుగారూ. నేను చూసిన పిల్లల్లో సగంమంది ఆ ప్రశ్నకే బెదిరిపోయారు. చేసింది ఇంకా ఒంటికి పట్టకముందే అది చాలదన్నట్టు వినిపిస్తుంది. పైగా హాఫ్ తర్వాత రెండు వారాలు తేలిక పరుగులే మంచిది. ఫుల్‌కి దిగాలంటే మళ్ళీ నెలల పని. 12 దగ్గర ఎత్తు ఎలా ఎక్కాడో అడగండి, మిగతా అయిదుగురూ వింటారు.

నెల్లిమర్ల_నాయుడు
నేనైతే ఎవరైనా అడిగితేనే కదులుతాను మాస్టారూ. మనిషిని బట్టి ఉంటుందేమో.

పీఈటీ_విజయనగరం
అదీ నిజమే. కానీ ఈ మనిషి వేరు.

నాగావళి_గట్టు
గిరిగారూ, బిబ్, మెడల్ వాళ్ళావిడ రేపు నాకు ఇస్తుంది. బుధవారం సాయంత్రం ఇస్తే గురువారం రాత్రికి అవుతుందా? కింద అక్షరాలు తెలుగులో కావాలి, పేరు అక్కర్లేదు, దూరం, టైము, తేదీ చాలు.

గంటస్తంభం_గిరి
రేపు మధ్యాహ్నం రెండు లోపు తెండి, గురువారం నాలుగింటికి ఇచ్చేస్తాను. తర్వాత తెస్తే శుక్రవారమే. వెనకబోర్డు ముదురు నీలం వేస్తున్నాను, తెల్ల బిబ్ దాని మీద బాగా కనపడుతుంది.